యాడ్స్‌కి లక్షలు రాసే ముందు: ఒక్కో కొత్త కస్టమర్‌కు ఎంత పడుతుందో చిన్న ప్రయోగంతో తేల్చుకోవడం ఎలా?

బిజినెస్ ప్లాన్ రాసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "మార్కెటింగ్ అన్న వరుసలో ఎంత రాయమంటారు?" చాలామంది అమ్మకాల్లో పది శాతమో, నెలకు యాభై వేలో అని ఒక గుండ్రటి అంకె వేసేస్తారు. బ్యాంకు మేనేజరో, డబ్బు పెడుతున్న బావమరిదో "ఈ యాభై వేలకు ఎంతమంది కస్టమర్లు వస్తారు?" అని అడిగితే మాత్రం సమాధానం ఉండదు.

ఆ సమాధానం సుమారు ఇరవై వేల ఖర్చుతో, మూడు వారాల్లో చాలావరకు తెలుసుకోవచ్చు. అయితే ఫేస్‌బుక్ యాడ్లు నడిపే యాడ్స్ మేనేజర్ తెరమీద కనిపించే అంకె ఆ సమాధానం కాదు. కొత్త కస్టమర్‌కు పడే అసలు ఖర్చు మీ ఆర్డర్ల పుస్తకంలోంచి రావాలి.

మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో గానుగ వేరుశనగ నూనె ఇంటికి డెలివరీ చేసే ఒక చిన్న యూనిట్. అయిదు లీటర్ల క్యాన్ ₹1,750. మెటా కంపెనీ నడిపే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో యాడ్ చూసినవాళ్లు వాట్సాప్‌లో మెసేజ్ చేసి ఆర్డర్ ఇస్తారు. అంకెలన్నీ లెక్క నడిపించడానికి వేసుకున్నవే. వాటి స్థానంలో మీవి పెట్టుకోండి.

## 1. ముందు మీ పరిమితి తెలుసుకోండి

యాడ్ ఖాతా తెరవకముందే తేలాల్సిన అంకె ఒకటి ఉంది: ఒక కొత్త కస్టమర్ కోసం గరిష్ఠంగా ఎంత పెట్టగలరు?

మన యూనిట్‌లో ఒక క్యాన్‌కు నూనె తయారీ ఖర్చు ₹1,290, క్యాన్, లేబుల్ ₹60, డెలివరీ ₹60, పేమెంట్ చార్జీలు వగైరా ₹20. మొత్తం ₹1,430. అంటే ఆర్డర్‌కు ₹320 మిగులుతుంది. అద్దె, జీతాల్లాంటి స్థిర ఖర్చులు ఇందులో కలపలేదు. ఒక ఆర్డర్ పెరిగితే దానితోపాటు పెరిగే ఖర్చులే తీసేశాం.

నూనె ఒకసారి కొని వదిలేసే వస్తువు కాదు. నలుగురున్న ఇంట్లో అయిదు లీటర్లు నెలన్నర, రెండు నెలలు వస్తాయి. పాత రిజిస్టర్ తిరగేస్తే ఒక్కో కస్టమర్ ఆరు నెలల్లో సగటున 2.2 సార్లు కొన్నట్టు కనిపించిందనుకోండి. అప్పుడు కస్టమర్ నుంచి ఆరు నెలల్లో వచ్చేది 2.2 × 320, అంటే సుమారు ₹700. దాన్ని దాటి ఖర్చు పెడితే ప్రతి కొత్త కస్టమర్ నష్టమే.

అద్దె, జీతాలకు కూడా ఏదో మిగలాలి కాబట్టి అందులో మూడింట రెండు వంతులు, అంటే ₹470, మన లక్ష్యం. ₹700 దాటకూడని గీత.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పాత రిజిస్టర్‌లో ఉన్నవాళ్లు ఎక్కువమంది తెలిసినవాళ్లు చెబితే వచ్చినవాళ్లు, నమ్మకంతో వచ్చినవాళ్లు. యాడ్ చూసి వచ్చినవాళ్లు అంత గట్టిగా అంటిపెట్టుకోకపోవచ్చు. ఈ 2.2ని ప్రస్తుతానికి ఆశావహమైన అంచనాగానే చూడండి. చివర్లో దీన్ని మళ్లీ పరీక్షిద్దాం.

ఇప్పుడే మొదలుపెట్టే వ్యాపారమైతే రిజిస్టరే ఉండదు. అప్పుడు మొదటి ఆర్డర్ మిగులునే పరిమితిగా పెట్టుకోండి. కఠినంగా అనిపిస్తుంది కానీ చేతిలో ఆధారం లేని రెండో ఆర్డర్‌ను నమ్ముకుని ఖర్చు పెట్టడం కన్నా మేలు.

## 2. ఒకే ప్రశ్న వేసుకోండి

"ఏ యాడ్ బాగుంటుంది, ఏ వయసువాళ్లు కొంటారు, గూగుల్ మంచిదా ఫేస్‌బుక్ మంచిదా, ఆఫర్ పెట్టాలా" అన్నీ ఒకే పదిహేను వేలతో తేల్చాలని చూస్తే ఏదీ తేలదు. డబ్బు ముక్కలైపోయి ఒక్కో ముక్కకూ నలుగురైదుగురు కస్టమర్లే వస్తారు.

మన ప్రశ్న ఇలా రాసుకుందాం: "విజయవాడలో మెటా యాడ్స్ ద్వారా, మొదటిసారి కొని సరుకు అందుకున్న ఒక్కో కస్టమర్‌కు, అన్ని ఖర్చులూ కలిపి ఎంత పడుతుంది?"

ఇందులో "మొదటిసారి", "సరుకు అందుకున్న", "అన్ని ఖర్చులూ" అన్న మూడు మాటలూ ముఖ్యం. వీటిలో ఏది వదిలేసినా అంకె అందంగా తగ్గిపోతుంది.

## 3. ఎంత డబ్బుతో పరీక్షించాలి?

చాలామంది ఇక్కడే పొరబడతారు. మూడు వేలు పెట్టి, ఆరుగురు కస్టమర్లు వస్తే "ఒక్కొక్కరికి ₹500" అని ప్లాన్‌లో రాసేస్తారు. అదే ప్రయోగం మరుసటి వారం చేస్తే ముగ్గురే రావచ్చు, పదిమందీ రావచ్చు.

చిన్న సంఖ్యల్లో ఎంత ఊగిసలాట ఉంటుందో చెప్పే ఒక మోటు లెక్క ఉంది. వచ్చిన కస్టమర్ల సంఖ్యకు వర్గమూలం కట్టి, దాన్ని రెట్టింపు చేసి, అసలు సంఖ్యకు ఒకసారి కలపండి, ఒకసారి తీసేయండి. నిజమైన సగటు ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుందని దాదాపుగా నమ్మవచ్చు.

తల ఒక్కింటికి ₹500 పడిందనుకుని చూడండి:

- ₹5,000తో 10 మంది వస్తే: నిజం 4 నుంచి 16 మధ్య. ఖర్చు ₹310 కావచ్చు, ₹1,250 కావచ్చు.
- ₹15,000తో 30 మంది వస్తే: 19 నుంచి 41 మధ్య. ఖర్చు ₹370 నుంచి ₹790.
- ₹50,000తో 100 మంది వస్తే: 80 నుంచి 120 మధ్య. ఖర్చు ₹420 నుంచి ₹625.

పదిమందితో ఏమీ తెలియదు. వందమందికి వెళ్లాలంటే అది చిన్న ప్రయోగం కాదు, బడ్జెట్టే. ముప్పైమంది దగ్గర ఒక నిర్ణయానికి సరిపడా స్పష్టత వస్తుంది. అందుకే 30 × 470, సుమారు ₹14,000 యాడ్స్‌కు. రోజుకు ₹1,000 చొప్పున 14 రోజులు. జీఎస్టీ, ఇతర ఖర్చులు కలిపి చేతిలో ₹21,000 ఉంచుకోండి.

మీ వస్తువు ఖరీదైనదైతే, అంటే కస్టమర్‌కు అయిదారు వేలు పడేదైతే, ముప్పైమందిని తెచ్చుకోవడం చిన్న ప్రయోగంతో కుదరదు. అక్కడ ఒక మెట్టు ముందు ఆగి, షోరూమ్‌కు రావడమో డెమో బుక్ చేసుకోవడమో కొలిచి, అక్కడి నుంచి కొనేవాళ్ల నిష్పత్తి పాత రికార్డుల్లోంచి తీసుకోవాలి. అంకె ఇంకా మోటుగా వస్తుంది, అంతే.

## 4. డబ్బు కట్టకముందే నిర్ణయం రాసిపెట్టండి

ఫలితం చూశాక రూల్స్ రాస్తే, ఏ ఫలితమైనా బాగానే కనిపిస్తుంది. ఒక కాగితం మీద ఇది ముందే రాసి, భాగస్వామితో సంతకం కూడా పెట్టించుకోండి:

- ఖర్చు ₹470 లోపు వస్తే: ప్లాన్‌లో బడ్జెట్ పెడతాం, పెంచి చూసే దశకు వెళతాం.
- ₹470 నుంచి ₹700 మధ్య వస్తే: ఒకే ఒక్క మార్పు చేసి, రెండో విడత నడుపుతాం.
- ₹700 దాటితే: ఈ దారి ప్లాన్‌లో ఉండదు.

మధ్యలో ఆపేయడానికి కూడా ఒక రూల్ కావాలి. పరిమితికి మూడు రెట్లు, అంటే ₹2,100 ఖర్చయినా ఒక్క ఆర్డర్ కూడా రాకపోతే ఆపేయండి. నిజంగా ₹700కు ఒకరు వచ్చే యాడ్ అయితే, అంత ఖర్చుకూ ఒక్కరూ రాకపోయే అవకాశం నూటికి అయిదే. అయితే ఆపేముందు రెండు మూడు రోజులు ఆగండి. ఇవాళ ధర అడిగినవాళ్లు ఇంట్లో ఉన్న డబ్బా అయిపోయాక ఆర్డర్ పెడతారు.

బాగున్నప్పుడు తొందరపడి ఆపే రూల్ మాత్రం పెట్టుకోకండి. మూడో రోజు అయిదు ఆర్డర్లు వచ్చాయని ప్రయోగం ముగించేస్తే, మీరు కొలిచింది అదృష్టాన్నే.

## 5. లెక్కపెట్టే ఏర్పాటు

యాడ్ మొదలయ్యాక ఇది చేద్దామనుకుంటే మొదటి రెండు రోజుల డేటా పోయినట్టే.

పాత లెక్క. యాడ్ లేకుండా గడిచిన రెండు వారాల్లో ఎంతమంది కొత్తవాళ్లు కొన్నారో రాసుకోండి. మన యూనిట్‌కు 12 మంది అనుకుందాం. ఇది తర్వాత చాలా అవసరమవుతుంది.

గుర్తు. వాట్సాప్‌కు వెళ్లే యాడ్‌లో, కస్టమర్ పంపడానికి సిద్ధంగా ఉండే మెసేజ్‌ను మీరే రాసిపెట్టవచ్చు. దాని చివర ఒక చిన్న కోడ్ చేర్చండి: "నూనె కావాలి, వివరాలు చెప్పండి - G1". కొందరు అది చెరిపేసి సొంతంగా రాస్తారు. కొందరు యాడ్ చూసి నేరుగా ఫోన్ చేస్తారు. అందుకే ఆర్డర్ తీసుకునేటప్పుడు ప్రతి ఒక్కరినీ ఒకే మాట అడగాలి: "మా గురించి మీకు ఎలా తెలిసిందండీ?" ఏం చెబితే అది రాయాలి, మనకు నచ్చింది కాదు.

షీట్. ఒక వరుసకు ఒక ఆర్డర్. తేదీ, ఫోన్ నంబర్, కోడ్, ఎలా తెలిసింది, కొత్తా పాతా, డబ్బు అందిందా, సరుకు చేరిందా. ఇంతకుమించి గడులు పెడితే బిజీ రోజున ఎవరూ నింపరు. కొత్తా పాతా అన్నది గుర్తుపట్టి రాయకూడదు, ఫోన్ నంబర్‌ను పాత రిజిస్టర్‌లో వెతికి రాయాలి. ఇంటాయన నంబరుతో కొన్నవాళ్లు ఇప్పుడు ఇల్లాలి నంబరు నుంచి వస్తారు. చిరునామా కూడా ఒకసారి చూసుకోండి.

వెబ్‌సైట్‌లో అమ్మేవాళ్లయితే కోడ్ బదులు లింక్‌కు గుర్తులు తగిలించాలి:

```
?utm_source=meta&utm_medium=paid&utm_campaign=test1&utm_content=video1
```

## 6. యాడ్ సెటప్

పోస్ట్ కింద కనిపించే Boost బటన్ జోలికి వెళ్లకండి. అది తేలికే గానీ ప్రయోగానికి కావలసిన పట్టు అందులో ఉండదు. యాడ్స్ మేనేజర్‌లో ఒక క్యాంపెయిన్, అందులో ఒకే యాడ్ సెట్, అంటే ఎవరికి, ఎక్కడ చూపించాలో చెప్పే ఒకే అమరిక, దాంట్లో రెండు యాడ్లు చాలు.

ఒకే యాడ్ సెట్ ఎందుకంటే, ఎవరికి చూపిస్తే పని జరుగుతుందో మెటా నేర్చుకోవడానికి ఒక్కో యాడ్ సెట్‌కు వారానికి సుమారు 50 ఫలితాలు కావాలి. రోజుకు వెయ్యి రూపాయలతో వారానికి 50 అమ్మకాలు రావు. కానీ 50 వాట్సాప్ సంభాషణలు సులువుగా వస్తాయి. కాబట్టి మెటాకు సంభాషణలు తెమ్మని చెబుతాం, అమ్మకాలు మనం లెక్కపెట్టుకుంటాం. దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది. మెసేజ్ పెట్టే అలవాటున్నవాళ్లను మెటా వెతుకుతుంది, కొనేవాళ్లను కాదు. ఆ తేడాను యాడ్‌లోని మాటలతోనే సరిదిద్దుకోవాలి. అది ఎలాగో ఎనిమిదో మెట్టులో చూద్దాం.

లొకేషన్ దగ్గర ఆగి మ్యాప్ చూడండి. బెంజ్ సర్కిల్ మీద పిన్ పెట్టి పది కిలోమీటర్ల వృత్తం గీస్తే అది కృష్ణ దాటి తాడేపల్లి, ఉండవల్లి వైపు కూడా పడుతుంది. మీ డెలివరీ అబ్బాయి ప్రకాశం బ్యారేజీ దాటి వెళ్లడంటే, ఆ మెసేజ్‌లన్నీ మీ డబ్బుతో వచ్చిన వృథా మెసేజ్‌లు. అటువైపు ఇంకో పిన్ పెట్టి మినహాయించండి.

తేదీలు కూడా ముఖ్యమే. మన ఇళ్లలో నెలసరుకులు జీతం పడ్డాకే. ఒకటో తేదీ నుంచి పద్నాలుగు దాకా నడిపితే అంకె మరీ మంచిగా, పదిహేను నుంచి నెలాఖరు దాకా నడిపితే మరీ చెడ్డగా వస్తుంది. 25న మొదలుపెట్టి వచ్చే నెల 8 దాకా నడిపితే రెండూ కలుస్తాయి. దసరా, దీపావళి మధ్య మాత్రం వద్దు. పెద్ద ఈ-కామర్స్ కంపెనీలన్నీ అప్పుడు యాడ్ల మీద డబ్బు కుమ్మరిస్తాయి, చూపించే ధర పెరుగుతుంది. ఆ అంకెతో ఏడాది ప్లాన్ రాయలేం.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

- పరిమితి, లక్ష్యం, ఆపే రూల్ కాగితం మీద ఉన్నాయి
- యాడ్ లేని రెండు వారాల కొత్త కస్టమర్ల లెక్క రాశాం
- కోడ్ ఉన్న మెసేజ్‌ను మన ఫోన్ నుంచే పంపి చూశాం
- డెలివరీ లేని ఏరియా మినహాయించాం
- 14 రోజులకు సరిపడా స్టాక్, క్యాన్లు ఉన్నాయి
- ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా జవాబు ఇచ్చే మనిషి ఉన్నారు

ఆఖరిది చిన్నదిగా కనిపిస్తుంది. రాత్రి ఎనిమిదికి ధర అడిగినవాళ్లకు మర్నాడు పది గంటలకు జవాబిస్తే, మీరు కొలుస్తున్నది యాడ్‌ను కాదు, మీ ఆలస్యాన్ని.

## 7. నడుస్తున్నంత కాలం చేతులు కట్టుకోండి

14 రోజులు బడ్జెట్, లొకేషన్, యాడ్, ధర, ఆఫర్ ఏదీ మార్చవద్దు. పెద్ద మార్పు చేస్తే మెటా నేర్చుకోవడం మళ్లీ మొదటికొస్తుంది. పైగా రెండు వేరు వేరు ప్రయోగాల ఫలితాలు కలిసిపోతాయి.

రోజూ చూడాల్సింది మూడే: డబ్బు ఖర్చవుతోందా, కోడ్‌తో మెసేజ్‌లు వస్తున్నాయా, షీట్ నింపుతున్నారా. టెన్షన్ తట్టుకోలేక గంటకోసారి యాడ్స్ మేనేజర్ తెరిచేవాళ్లు ఆ యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయడమే మంచిది.

స్టాక్ అయిపోవడం, డెలివరీ అబ్బాయి రాకపోవడం లాంటివి జరిగితే యాడ్ ఆపి, ఆ రోజులను షీట్‌లో గుర్తు పెట్టి, అన్ని రోజులు పొడిగించండి.

## 8. అసలు ఖర్చు కట్టే లెక్క

14 రోజులు అయ్యాయి. ఇంకో వారం ఆగండి, ఆలస్యంగా వచ్చే ఆర్డర్లు, క్యాన్సిళ్లు తేలేదాకా. మన యూనిట్‌కు వచ్చింది ఇది:

యాడ్స్ మేనేజర్ ప్రకారం ₹14,000 ఖర్చు, 412 సంభాషణలు, ఒక్కోదానికి ₹34. ఇది చూసి సంబరపడేవాళ్లు చాలామంది. ఆర్డర్లు 46. ఖర్చును 46తో భాగిస్తే ₹304. లక్ష్యం కన్నా ఎంతో తక్కువ, ప్లాన్‌లో రాసేయవచ్చనిపిస్తుంది.

ఇప్పుడు షీట్ తీద్దాం. 46 మందిలో ఆరుగురు పాతవాళ్లే, యాడ్ లేకపోయినా కొనేవాళ్లు. అయిదుగురు క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి, తీరా క్యాన్ గుమ్మం దాకా వెళ్లాక వద్దన్నారు. మిగిలింది 35 మంది.

ఖర్చుల వైపు:

- యాడ్స్ ₹14,000 మీద 18 శాతం జీఎస్టీ కలిపి ₹16,520. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునేవాళ్లు ఆ పన్ను కలపనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు, కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లకు అది ఖర్చే.
- మొదటి ఆర్డర్ తగ్గింపు ₹50 చొప్పున 35 మందికి ₹1,750.
- వాట్సాప్ జవాబులకు రోజుకు రెండు గంటలు, గంటకు ₹75, 14 రోజులకు ₹2,100. మీరే ఇచ్చినా కలపండి. రేపు బడ్జెట్ పెరిగితే ఆ పనికి మనిషిని పెట్టాల్సిందే.
- వృథా అయిన అయిదు ట్రిప్పులు ₹300.

మొత్తం ₹20,670. దాన్ని 35తో భాగిస్తే ₹591.

₹34, ₹304, ₹591. మూడూ ఒకే ప్రయోగంలోంచి వచ్చినవే. ప్లాన్‌కు పనికొచ్చేది చివరిది. వీడియో తీయించిన ఖర్చు ఒకసారిదే కాబట్టి దాన్ని విడిగా ఒక వరుసలో చూపించండి, తలసరి లెక్కలో కలపకండి.

ఇప్పుడు ఊగిసలాట. షీట్‌లో B2లో యాడ్ ఖర్చు, B3, B4, B5లో మిగతా మూడు, B6లో కొత్త కస్టమర్లు పెట్టుకుంటే:

```
B7:  =B2*1.18+B3+B4+B5
B8:  =B7/B6
B9:  =B7/(B6+2*SQRT(B6))
B10: =B7/(B6-2*SQRT(B6))
```

B9 దాదాపు ₹440, B10 దాదాపు ₹890. అంటే ఖర్చు ₹440 నుంచి ₹890 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు.

ఇంకో పరీక్ష మిగిలింది. యాడ్ లేని రెండు వారాల్లో కొత్తవాళ్లు 12 మంది అని రాసిపెట్టాం కదా. ప్రయోగం నడిచిన కాలంలో అన్ని దారుల్లో కలిపి 45 మంది కొత్తవాళ్లు వచ్చారనుకోండి. పెరిగినవాళ్లు 33. మనం యాడ్ ఖాతాలో వేసింది 35. రెండూ దగ్గరగా ఉన్నాయి, లెక్క నమ్మవచ్చు. మొత్తం 38 మందే అయితే మాత్రం పెరిగింది 26, అంటే యాడ్ ఖాతాలో పడినవాళ్లలో కొందరు ఎలాగూ వచ్చేవాళ్లే. అప్పుడు 35తో కాదు, 26తో భాగించాలి.

ఫలితం ₹591, రాసుకున్న రూల్ ప్రకారం మధ్య గడిలో పడింది. ఒకే మార్పుతో రెండో విడత. ఏం మార్చాలి?

ఎక్కడ కారుతోందో చూడండి. 412 మందిలో చిరునామా ఇచ్చేదాకా వచ్చింది 118 మందే. మిగతావాళ్ల చాట్‌లు చదివితే రెండు వాక్యాలే మళ్లీ మళ్లీ: "రేటెంత?" అని అడిగి ₹1,750 అనగానే మౌనం, లేదా "గుంటూరుకు పంపుతారా?" మొదటి యాడ్‌లో "స్వచ్ఛమైన గానుగ నూనె, ఇప్పుడే మెసేజ్ చేయండి" అని మాత్రమే ఉంది. రెండో విడతలో ఇలా మార్చాం: "గానుగ వేరుశనగ నూనె, 5 లీటర్ల క్యాన్ ₹1,750. విజయవాడ సిటీ, కానూరు, పోరంకి వరకు ఇంటికే డెలివరీ."

సంభాషణలు 190కి పడిపోయాయి, ఒక్కోదానికి ₹74. యాడ్స్ మేనేజర్ చూసి బెంబేలెత్తే అంకె. కానీ సరుకు అందుకున్న కొత్త కస్టమర్లు 41 మంది. జవాబుల పని సగానికి తగ్గి ₹1,050, వృథా ట్రిప్పులు మూడే. మొత్తం ₹19,800, తలకు ₹483, పరిధి ₹370 నుంచి ₹700.

లక్ష్యం ₹470కి కాస్త పైనే ఉంది. ఆ పదమూడు రూపాయల తేడా ఊగిసలాటలో కలిసిపోయేంత చిన్నది కాబట్టి, నేనైతే దీన్ని పాస్ అయినట్టే తీసుకుని తర్వాతి దశకు వెళతాను. రెండు విడతల కస్టమర్లను కలిపి 76 మంది అని మాత్రం లెక్కవేయకూడదు. యాడ్ మారింది కాబట్టి అవి రెండు వేరు ప్రయోగాలు.

## 9. బడ్జెట్ రెట్టింపు చేసి చూడటం

దీన్ని దాదాపు ఎవరూ చేయరు, ప్లాన్ తలకిందులయ్యేది ఇక్కడే.

₹483కి ఒకరు వచ్చారు కదా, లక్ష పెడితే 207 మంది వస్తారని రాయడం తప్పు. చిన్న బడ్జెట్‌తో మెటా ముందు తేలిగ్గా దొరికేవాళ్లను తెస్తుంది. ఆ కొంతమంది అయిపోయాక, అంత ఆసక్తి లేనివాళ్లకు చూపించాలి, చూసినవాళ్లకే మళ్లీ చూపించాలి. విజయవాడ లాంటి ఒక్క ఊరికే పరిమితమైతే ఇది ఇంకా త్వరగా వస్తుంది. యాడ్స్ మేనేజర్‌లో Frequency అన్న అంకె, అంటే ఒక్కొక్కరికి యాడ్ సగటున ఎన్నిసార్లు కనిపించిందో, వారం వారం పెరుగుతూ ఉంటే అదే దాని గుర్తు.

అందుకే రోజుకు ₹2,000 చేసి, మిగతావన్నీ అలాగే ఉంచి, మళ్లీ నెలలో అవే తేదీల మధ్య 14 రోజులు నడపండి. మన యూనిట్‌కు మొత్తం ఖర్చు ₹39,020, కొత్త కస్టమర్లు 68. సగటు ₹574. పరిమితి లోపే ఉంది, బాగానే ఉందనిపిస్తుంది.

కానీ చూడాల్సింది పెరిగిన ముక్కను:

```
(39,020 - 19,800) / (68 - 41) = 19,220 / 27 = 712
```

రెండో వెయ్యి రూపాయలతో వచ్చిన ఒక్కో కస్టమర్‌కు ₹712 పడింది. దాటకూడని గీత ₹700. సగటు ఆ నష్టాన్ని దాచేసింది. సంఖ్యలు చిన్నవి కాబట్టి ₹712 అన్నది కచ్చితమైన అంకె కాదు, కానీ రోజుకు రెండు వేల దగ్గర లాభం లేదని చెప్పడానికి చాలు. ఈ యూనిట్‌కు ఈ ఊళ్లో, ఈ యాడ్‌తో రోజుకు వెయ్యి, పదమూడు వందల మధ్య ఆగడం మంచిది. నెలకు ₹30,000 నుంచి ₹40,000. అంతకుమించి డబ్బు ఉంటే అది వేరే దారికి, వేరే ఊరికి వెళ్లాలి.

## 10. తరచుగా కనిపించే ఇబ్బందులు

మెసేజ్‌లు కుప్పలు, ఆర్డర్లు లేవు. ధర, ఏరియా యాడ్‌లో పెట్టండి. అవి ఉన్నా ఇంతే అయితే చాట్‌లు చదవండి. నాలుగో జవాబు దాకా ధర చెప్పకుండా నూనె గొప్పతనం చెబుతున్నారేమో చూసుకోండి.

యాడ్స్ మేనేజర్‌లోని అమ్మకాలు, మీ షీట్‌లోని అమ్మకాలు కలవడం లేదు. వెబ్‌సైట్ అమ్మకాల్లో ఇది మామూలే. మెటా సాధారణంగా క్లిక్ చేసిన ఏడు రోజుల్లోపు, ఊరికే చూసిన ఒక రోజులోపు జరిగిన కొనుగోళ్లను తన ఖాతాలో వేసుకుంటుంది. గూగుల్ కూడా అదే ఆర్డర్‌ను తనదనవచ్చు. రెండింటినీ కూడితే మీ అసలు ఆర్డర్ల కన్నా ఎక్కువ వస్తాయి. షీట్‌నే నమ్మండి.

గూగుల్‌లో డబ్బు ఎక్కడికి పోయిందో తెలియదు. సెర్చ్ యాడ్‌ను విడిగా, ఇదే పద్ధతిలో పరీక్షించండి. మొదలుపెట్టేటప్పుడు, వేరే వెబ్‌సైట్లలో కూడా యాడ్ చూపించే డిస్‌ప్లే నెట్‌వర్క్ టిక్ తీసేయండి. లొకేషన్‌లో ఆ ఊరిపై ఆసక్తి ఉన్నవాళ్లను కాకుండా, అక్కడ ఉన్నవాళ్లను మాత్రమే ఎంచుకోండి. రెండు రోజులకోసారి జనం నిజంగా ఏం వెతికారో చూపించే రిపోర్ట్ తెరవండి. "గానుగ మిషన్ ధర" అని వెతికినవాళ్లు నూనె కొనరు, ఆ మాట వెతికినవాళ్లకు యాడ్ కనిపించకుండా దాన్ని నెగెటివ్ కీవర్డ్‌గా చేర్చండి. మొదటి వారం ఇలా శుభ్రం చేయడానికే పోతుంది. లెక్క రెండో వారం నుంచి మొదలుపెట్టండి.

ఇంట్లోవాళ్లు, స్నేహితులు ఆర్డర్లు పెట్టారు. ప్రేమతోనే పెడతారు. షీట్‌లోంచి తీసేయండి.

## 11. ప్లాన్‌లో ఎలా రాయాలి

ఒకే అంకె రాయకండి. మన యూనిట్ ప్లాన్‌లో మార్కెటింగ్ భాగం ఇలా ఉంటుంది:

- కొత్త కస్టమర్‌కు పడే ఖర్చు: ₹483. పరీక్షలో 41 మంది, పరిధి ₹370 నుంచి ₹700. జీఎస్టీ, తగ్గింపు, జవాబుల జీతం, వృథా ట్రిప్పులు కలిపి.
- ప్లాన్‌లో వాడిన అంకె: ₹550. ఏడాది పొడవునా అదే యాడ్ అంతే బాగా పనిచేయదు కాబట్టి కాస్త పైకి.
- గడ్డు పరిస్థితి: ₹700. ఆ అంకెతో కూడా నగదు ఎన్ని నెలలు సరిపోతుందో వేరే పట్టికలో.
- నెలవారీ యాడ్ ఖర్చు: ₹30,000, జీఎస్టీ అదనం. రోజుకు ₹2,000 దగ్గర అదనపు కస్టమర్‌కు ₹712 పడింది కాబట్టి పెంచడం లేదు.
- ఆపే నిబంధన: వరుసగా రెండు నెలలు ₹700 దాటితే యాడ్స్ నిలిపివేత.

₹550కి, ₹30,000 యాడ్స్‌కు నెలకు ఎంతమంది? యాడ్స్, పన్ను కలిపి ₹35,400. తగ్గింపు, జవాబుల ఖర్చు, వృథా ట్రిప్పులు మరో ఆరేడు వేలు. సుమారు ₹42,000ను 550తో భాగిస్తే 76 మంది. అమ్మకాల పట్టికలో యాడ్స్ వల్ల వచ్చే కొత్త కస్టమర్లు అన్న వరుసలో 76కు మించి రాయకూడదు.

ఇక మొదట్లో పక్కన పెట్టిన 2.2. రెండో విడతలో వచ్చిన 41 మంది ఫోన్ నంబర్లను విడిగా ఉంచి, 60 రోజుల తర్వాత ఎంతమంది రెండో క్యాన్ తీసుకున్నారో చూడండి. రిజిస్టర్‌లోని పాత కస్టమర్లు వాళ్ల మొదటి 60 రోజుల్లో ఎంతమంది తిరిగొచ్చారో అదీ తీయండి. పాతవాళ్లలో పదింటికి ఆరుగురు వచ్చి, యాడ్ వాళ్లలో ముగ్గురే వస్తే, ₹700 అన్న గీత కిందికి దిగుతుంది. ఆరు నెలల్లో 1.5 ఆర్డర్లే వస్తాయనుకుంటే అది ₹480. అప్పుడు ₹483 కూడా చేతికి ఏమీ మిగల్చదు. కాబట్టి లోన్‌కు దరఖాస్తు తేదీ మీ చేతుల్లో ఉంటే, ఆ 60 రోజులు గడిచాకే మార్కెటింగ్ వరుస నింపండి. లేకపోతే ఆ వరుస కింద "తిరిగి కొనేవారి లెక్క ఫలానా తేదీకి సరిచూస్తాం" అని తేదీతో సహా రాయండి.